ముందు ఫోటో, ఆ తర్వాతే నాణెం

ఈ మధ్య తెలిసినవారొకరు ఒక పాము ఫోటో పంపి, అదేమిటో చెప్పమని అడిగారు. గోడ మూలలో ముడుచుకుని ఉన్న సన్నటి నల్లటి పాము, ఒంటి మీద తెల్లటి అడ్డపట్టీలు. దానికి జానెడు దూరంలో, నేల మీద, వేళ్లు చాచి పెట్టిన అరచెయ్యి.

"చెయ్యి ఎందుకు పెట్టారండీ?" అని అడిగాను.

"సైజు తెలియకపోతే మీరు చెప్పలేరేమోనని" అన్నారాయన.

ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఫోటో చూసి జంతువు పేరు చెప్పే వాళ్లందరం మొదట అడిగేది అదే: ఎంత ఉంది? అడగ్గా అడగ్గా జనం మన ప్రశ్నను ముందే ఊహించి, పక్కన వేలో, నాణెమో, అరచెయ్యో పెట్టి మరీ తీస్తున్నారు. ఆ ఫోటో చూసినప్పటి నుంచి నా మనసులో మెదులుతున్నది ఒక్కటే. అదేమిటో తెలియదు కాబట్టే కదా ఆయన నన్ను అడిగారు. తెలియని దాని పక్కన చెయ్యి పెట్టవచ్చని ఆయనకు ధైర్యం చెప్పింది ఎవరు? చాలావరకు మనమే.

ఇక్కడ ఇంకో బాధ కూడా ఉంది. ఆ చెయ్యి ఆ పామును గుర్తుపట్టడానికి ఏమాత్రం ఉపయోగపడలేదు. నల్లటి ఒంటి మీద తెల్లటి పట్టీలు కనబడగానే రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి ప్రాణాంతకమైన కట్లపాము. రెండోది దాన్ని పోలి ఉండే, విషం లేని లైకోడాన్ జాతి పాము. కట్లపాము పిల్ల, బాగా ఎదిగిన లైకోడాన్ ఇంచుమించు ఒకే పొడవు ఉండవచ్చు. కాబట్టి జానెడుందా, రెండు జానలుందా అన్నది ఈ రెండింటినీ విడదీయదు. విడదీసేది వెన్ను మధ్యలో ఉండే పొలుసుల వరుస. కట్లపాముకు ఆ వరుసలోని పొలుసులు పక్కవాటికంటే స్పష్టంగా పెద్దవిగా, ఆరు పలకలుగా ఉంటాయి. లైకోడాన్‌కు అన్నీ ఒకే తీరు. రెండు మీటర్ల దూరంలో నిలబడి, జూమ్ చేసి, వెన్ను స్పష్టంగా కనబడేలా తీసిన ఒక్క ఫోటో చాలు. ఆయన చెయ్యి పెట్టడానికి దగ్గరికి వెళ్లారు, ఒక చేత్తో ఫోను పట్టుకున్నారు, అది వణికింది, పొలుసులు మసకబారాయి. ప్రమాదం దక్కింది, సమాచారం దక్కలేదు.

ఇందులో నా అభిప్రాయం ఇదీ: జంతువు ఉండగా దాని ఫోటో మాత్రమే తియ్యాలి. కొలత కోసం పెట్టే వస్తువు, అది నాణెమైనా మరేదైనా, జంతువు వెళ్లిపోయాక అదే చోట పెట్టి రెండో ఫోటో తియ్యాలి. చెయ్యి మాత్రం ఎప్పుడూ వద్దు.

కొలత ఎక్కడ నిజంగా కావాలి

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం, అసలు కొలత లేకుండా కుదరని సందర్భాలు లేవా అని. ఉన్నాయి. దగ్గరనుంచి తీసిన ఫోటోకు ఒక గుణం ఉంది. బియ్యపుగింజంత పురుగైనా, బొటనవేలంత పురుగైనా ఫ్రేము నిండా ఒకేలా కనబడుతుంది. రెక్కలు వచ్చిన కీటకాల్లో ఈ చిక్కు ఎక్కువ. అవి ఇక పెరగవు కాబట్టి, వాటి పరిమాణమే జాతికి ఒక గుర్తు. ఏపిస్ ఫ్లోరియా అనే చిట్టి తేనెటీగల్లో కూలి ఈగ 7 నుంచి 10 మి.మీ. ఉంటుంది. ఏపిస్ డోర్సాటా అనే పెద్ద తేనెటీగ 17 నుంచి 20 మి.మీ. దాకా ఉంటుంది. చిన్నది పెరిగి పెద్దది కావడం ఉండదు. కిటికీ అంచున పడి ఉన్న ఒంటరి తేనెటీగ ఫోటో వస్తే, పట్టు ఎలా ఉందో చూసే వీలు లేనప్పుడు, పొడవు తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

పాములు, కప్పలు, బల్లులు అలా కాదు. అవి ఏళ్ల తరబడి పెరుగుతాయి. ఒకే కొలత ఒక జాతి పిల్లకూ, ఇంకో జాతి పెద్దకూ సరిపోతుంది. అక్కడ కొలత తోడుసాక్ష్యమే తప్ప తీర్పు కాదు. విచిత్రం ఏమిటంటే, కొలత అంతగా అక్కరలేని ఈ జంతువుల పక్కనే జనం ఎక్కువగా చేతులు పెడుతున్నారు. పురుగు పక్కన చెయ్యి పెట్టినా ప్రమాదం తక్కువ, ఉపయోగం ఎక్కువ. పాము పక్కన సరిగ్గా దానికి తలకిందులు.

తేనెటీగ విషయంలో ఇంకొకటి గమనించండి. ఆ రెండు జాతుల మధ్య తేడా దాదాపు రెట్టింపు. నాణెం కొలతలో ఐదో వంతు పొరపాటు వచ్చినా పేరు మారదు. చాలా సందర్భాల్లో మనకు కావలసింది ఈ స్థాయి ఉజ్జాయింపే. ఉజ్జాయింపే చాలనుకుంటే, ఆ జంతువు కూర్చున్న ఆకు, ఇటుక, గడప, పలక ఏదైనా సరిపోతుంది. దాని పక్కకు కొత్తగా ఏదీ తేనక్కరలేదు. లేదు, ఖచ్చితమైన కొలతే కావాలంటే, గాలిలో పట్టుకున్న నాణెం గానీ, నేల మీద పెట్టిన చెయ్యి గానీ దాన్ని ఇవ్వలేవు. ఎందుకో చెబుతాను.

గాలిలో పట్టుకున్న నాణెం

నాకు వచ్చే ఫోటోల్లో తరచుగా కనబడే దృశ్యం ఇది. ఆకు మీద చిన్న కప్ప. దాన్ని బెదరగొట్టకూడదని, నాణేన్ని రెండు వేళ్లతో పట్టుకుని, కప్పకు కొద్దిగా పైన, కెమెరా వైపు ఆపి ఉంచుతారు. చూడటానికి నాణెం కప్ప పక్కనే ఉన్నట్టు ఉంటుంది. కానీ లేదు.

లెక్క వేసి చూద్దాం. ఫోను కప్పకు 20 సెం.మీ. దూరంలో ఉంది. నాణెం కప్పకంటే 4 సెం.మీ. ముందుకు, అంటే ఫోనుకు 16 సెం.మీ. దూరంలో ఉంది. దగ్గరగా ఉన్నది పెద్దగా కనబడుతుంది. ఎంత పెద్దగా అంటే, దూరాల నిష్పత్తిలో. 20ని 16తో భాగిస్తే 1.25. అంటే నాణెం ఉండవలసినదానికంటే పావు వంతు పెద్దగా పడుతుంది. ఇప్పుడు ఆ నాణేన్ని కొలబద్దగా తీసుకుని కప్పను కొలిస్తే, నిజంగా 20 మి.మీ. ఉన్న కప్ప 16 మి.మీ. అని తేలుతుంది. అడిగినవారు దాన్ని "పిల్ల కప్ప" అని నమ్ముతారు, మనం కూడా అదే దారిలో పోతాం.

అదే 4 సెం.మీ. తేడాతో మీటరు దూరం నుంచి జూమ్ చేసి తీసి ఉంటే? 100కు 96. కప్ప 19.2 మి.మీ. అని తేలేది. పొరపాటు నాలుగు శాతమే. జూమ్ వల్ల వచ్చిన మేలు కాదిది, దూరం వల్ల వచ్చింది. ఫోనును జంతువు ముక్కు దగ్గరకు తీసుకెళ్లి తీసే అలవాటే ఈ పొరపాటును పెంచుతోంది. పట్టిన చేపను చేతులు చాచి కెమెరా ముందుకు పెట్టి ఫోటో దిగే వాళ్లు దీన్ని తెలిసే వాడుకుంటారు. అక్కడ వెనకాల ఉన్న మనిషి కొలబద్ద అవుతాడు, చేప పెరుగుతుంది. కప్ప ఫోటోలో నాణెం ముందుంటుంది కాబట్టి కప్ప తరుగుతుంది. సూత్రం ఒకటే.

ఇలాంటి ఫోటోను కనిపెట్టడం కష్టం కాదు. నాణెం మీది అక్షరాలు స్పష్టంగా ఉండి కప్ప కన్ను మసకగా ఉన్నా, కప్ప స్పష్టంగా ఉండి నాణెం అంచు మసకగా ఉన్నా, ఆ రెండూ ఒకే దూరంలో లేవని అర్థం. నాణెం నీడ కూడా చూడాలి. ఆకుకు ఆని ఉంటే నీడ అంచుకు అంటుకుని ఉంటుంది. పైన ఆపి ఉంటే నీడ విడిపోయి ఎక్కడో పడుతుంది. నేను కొలత లెక్కించే ముందు ఈ రెండూ చూస్తాను. అవి కుదరకపోతే ఆ నాణేన్ని లెక్కలోకి తీసుకోను.

నాణేనికి ఉన్న ఒక మంచి గుణం

ఇంత చెప్పి కూడా, చెయ్యికీ నాణేనికీ మధ్య ఎంచుకోమంటే నేను నాణెం వైపే. దానికి ఎవరూ పెద్దగా చెప్పుకోని ఒక కారణం ఉంది. అది గుండ్రంగా ఉంటుంది.

కెమెరా సరిగ్గా పైనుంచి చూస్తుంటే నాణెం వృత్తంగా పడుతుంది. పక్కకు వాలి చూస్తే కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోతుంది. ఎంత వాలిందో ఆ నొక్కుడే చెబుతుంది. పొడవైన అడ్డకొలత 100 పిక్సెళ్లు, పొట్టిది 87 అనుకోండి. కెమెరా సుమారు 30 డిగ్రీలు వాలినట్టు. పొట్టిది సగానికి వస్తే 60 డిగ్రీలు. పొడవైన అడ్డకొలత మాత్రం వాలడం వల్ల నొక్కుకుపోదు, కాబట్టి దాన్నే నాణెం వ్యాసంగా తీసుకోవాలి. పురుగు ఆ పొడవైన కొలత దిశలోనే పడుకుని ఉంటే దాని పొడవు నేరుగా కొలవచ్చు. అడ్డంగా, అంటే నొక్కుకుపోయిన దిశలో ఉంటే, అది కూడా అంతే నొక్కుకుపోయి 13 శాతం పొట్టిగా కనబడుతుంది. అప్పుడు పొట్టి అడ్డకొలతతో పోల్చాలి. మామూలు స్కేలు ఒక్కటే పెడితే ఈ సంగతి బయటపడదు. నేర పరిశోధనలో గాయాల ఫోటోలకు వాడే 'ఎల్' ఆకారపు స్కేళ్ల మీద వృత్తాలు అచ్చు వేసేది ఇందుకోసమే.

నాణేనికి లోపాలూ ఉన్నాయి. ఫోటో చూసేవారికి అది ఏ నాణెమో తెలియాలి. ఒక యూరో నాణెం వ్యాసం 23.25 మి.మీ., అమెరికా పావు డాలరుది 24.26 మి.మీ. ఈ రెండింటినీ తారుమారు చేసినా నష్టం నాలుగు శాతమే. కానీ ఒకే విలువ ఉన్న నాణెం కాలంతో మారిపోవడం దానికంటే చెడ్డది. రూపాయి నాణెమే 25 మి.మీ. నుంచి 22కు, 2019 నాటి నమూనాలో 20కి తగ్గింది. "పక్కనున్నది రూపాయి" అంటే ఐదో వంతు సందేహం మిగిలినట్టే. నాణెం మీది సంవత్సరం కనబడేలా పెట్టడం, లేదా స్కేలుతో కొలిచి ఆ అంకెను ఫోటోతో పాటు రాయడం మేలు. ప్రపంచమంతా ఒకే కొలతలో ఉండేది కావాలంటే బ్యాంకు కార్డు సైజు ఉన్న ఏ కార్డయినా చాలు. 85.60 మి.మీ. పొడవు, 53.98 మి.మీ. వెడల్పు, ఏ దేశంలోనైనా అంతే. అయితే బ్యాంకు కార్డునే పెట్టి అంకెలన్నీ ఫోటోలో పంపిన వారిని చూశాను. దయచేసి అది మాత్రం చెయ్యకండి, అదే సైజులో ఉండే వేరే కార్డు ఏదైనా తీసుకోండి.

మెరిసే నాణెంతో ఇంకో ఇబ్బంది, ఫోను దాని మీదే ఫోకస్ చేస్తుంది. దాని వెలుగుకు సరిపెట్టుకోవడానికి మిగతా ఫోటోను చీకటి చేస్తుంది. నాణెం అక్షరం అక్షరం చదవగలుగుతాం, పక్కనున్న నల్లటి పురుగు మచ్చలా మిగులుతుంది. పాతబడి మెరుపు పోయిన నాణెం నయం.

చెయ్యి సంగతి వేరు. మనిషి మనిషికీ వేలి వెడల్పు మారుతుంది, పిల్లలదైతే ఇంకా తేడా. అందరికీ చూడగానే బోధపడుతుందన్న ఒక్క సుగుణం తప్ప దానికి కొలతగా విలువ లేదు. పైగా చేతి వేడీ, కదలికా, నీడా చాలు, రెక్కలున్నది ఎగిరిపోతుంది. కప్పనైతే పక్కన పెట్టడంతో ఆగరు, అరచేతిలోకే తీసుకుంటారు. కప్ప చర్మం నీటినీ, దానిలో కరిగినవాటినీ పీల్చుకుంటుంది. చేతికి రాసుకున్న దోమల మందైనా, ఎండకు పూసుకున్న క్రీమైనా దాని ఒంట్లోకి పోతుంది. తడి చేతులతో ఒక కప్ప నుంచి ఇంకో కప్పకు చర్మవ్యాధి కలిగించే శిలీంధ్రాన్ని కూడా అంటించగలం. ఆ శిలీంధ్రం చాలా దేశాల్లో కప్పలను తుడిచిపెట్టింది. ఒక పేరు తెలుసుకోవడానికి అంత మూల్యం అక్కరలేదు.

అది వెళ్లిపోయాక

ఇక నేను గట్టిగా నమ్మే పద్ధతి. మా ఇంటి గోడ మీద ఒక రాత్రి పెద్ద సాలీడు కనబడింది. గోధుమ రంగు, చదునైన ఒళ్లు, పీతలా పక్కలకు చాచిన కాళ్లు. ఇంట్లో వాళ్లు "అరచేతంత ఉంది" అన్నారు. నేను గోడకు ఎదురుగా, సుమారు 40 సెం.మీ. దూరంలో ఫోను నిటారుగా పట్టుకుని రెండు ఫోటోలు తీశాను. ఫ్రేములో సాలీడుతో పాటు గోడకు కొట్టిన ఒక మేకు తలా, దాని కింద రంగు పెచ్చు లేచిన చోటూ కూడా పడేలా చూసుకున్నాను. అంతే. దాని దగ్గరకు ఏదీ తీసుకెళ్లలేదు. కాసేపటికి అది అలమర వెనక్కి పోయింది.

పొద్దున స్కేలు తీసుకుని మేకు తల నుంచి ఆ పెచ్చు అంచు దాకా కొలిచాను. 42 మి.మీ. ఉంది. కంప్యూటర్‌లో అదే దూరం 600 పిక్సెళ్లు వచ్చింది. అంటే పిక్సెల్‌కు 0.07 మి.మీ. సాలీడు ఒళ్లు, ముందు అంచు నుంచి పొట్ట చివర దాకా, 330 పిక్సెళ్లు. హెచ్చిస్తే 23 మి.మీ. కాళ్ల కొస నుంచి కొసకు 1300 పిక్సెళ్లు, అంటే 91 మి.మీ. సాలీడు ఒళ్లు గోడకు నాలుగైదు మి.మీ. ఎత్తులో ఉంటుంది కాబట్టి ఒక శాతం అటూ ఇటూ అయి ఉంటుంది. పట్టించుకోనక్కరలేదు.

ఈ రెండు అంకెలూ వేడి ప్రాంతాల ఇళ్లలో ప్రపంచమంతటా కనబడే హంట్స్‌మన్ సాలీడు, హెటెరోపోడా వెనటోరియా, ఆడదాని కొలతల్లో చక్కగా ఇముడుతాయి. ఒళ్లు రెండున్నర సెం.మీ. లోపు, కాళ్లతో కలిపి తొమ్మిది. ముఖం మీద కళ్ల కింద ఉండే లేత రంగు పట్టీ దాన్ని ఖాయం చేసింది. కొలత ఆ పట్టీకి తోడు నిలిచింది, దాని స్థానాన్ని తీసుకోలేదు. "అరచేతంత" అన్న మాటా అబద్ధం కాదు, కాకపోతే అది కాళ్ల మాట. సాలీళ్ల పుస్తకాల్లో పొడవు అంటే ఒళ్లు మాత్రమే. కాళ్లు కలిపి తొమ్మిది సెం.మీ. అని రాసి పంపితే, చూసేవారు తొమ్మిది సెం.మీ. ఒళ్లున్న సాలీడు కోసం వెతుకుతారు. అలాంటిది ఇంటి గోడ మీద దొరకదు. బల్లికీ కప్పకూ కూడా ఇలాంటి లెక్కే ఉంది. ముట్టె నుంచి మలద్వారం దాకా కొలుస్తారు. బల్లి తోక తెగి మళ్లీ మొలుస్తుంది కాబట్టి దాన్ని లెక్కలో కలపరు.

ఈ పద్ధతి అన్నిచోట్లా కుదరదు. గాలికి ఊగే గడ్డిపోచ మీద పురుగు ఎగిరిపోయాక ఏ పోచో గుర్తుండదు. నీటిలో ఉన్నదానికి చోటు అంటూ ఉండదు. మెత్తటి మట్టి మీద మనం అడుగు వేస్తేనే గుర్తులు చెరిగిపోతాయి. ఆకు మీద ఉన్నదైతే, ఆకు ఈనెల అమరిక ఫోటోలో స్పష్టంగా పడేలా తీసి, తర్వాత అదే ఆకు మీద రెండు ఈనెల మధ్య దూరం కొలిస్తే సరిపోతుంది. ఆకును కోయనక్కరలేదు. ఇవేవీ వీలు కాకపోతే, కొలత లేకుండా మంచి ఫోటో పంపండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముఖం ఒకటి. నా అనుభవంలో ఈ మూడు కోణాలు నాణెం ఉన్న ఒక్క ఫోటోకంటే ఎక్కువసార్లు పేరు తేల్చాయి.

"ఇదంతా చేసే ఓపిక ఎవరికి ఉంటుంది? జనం ఫోటో పంపడమే గొప్ప" అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. ఆయన మాటను తేలిగ్గా తీసుకోలేను. నిబంధనలు పెంచితే ఫోటోలు తగ్గుతాయి, నిజమే. కానీ నేను అడుగుతున్నది ఎక్కువ పని కాదు, ఆ పనిని కాస్త వాయిదా వేయమని. నాణెం పెట్టే ఓపిక ఉన్నవారికి, అది వెళ్లిపోయేదాకా ఆగే ఓపిక కూడా ఉంటుంది. అడిగే వాళ్లం మనం కూడా ఒక మాట మార్చుకోవాలి. "సైజు ఎంత?" అని ఊరుకోకుండా, "అది కూర్చున్న పలక ఎంత వెడల్పు? తర్వాత కొలిచి చెప్పండి" అని అడిగితే, ఎవరికీ చెయ్యి పెట్టాలన్న ఆలోచన రాదు.

నత్తలు, ఖాళీ గుల్లలు, రాలిన ఈకలు, చచ్చిపోయిన పురుగుల విషయంలో ఈ జాగ్రత్తలేవీ అక్కరలేదు. నాణేన్ని వాటి పక్కనే, అదే తలం మీద ఆనించి పెట్టండి, ఫోనును మీటరు కాకపోయినా అరమీటరు దూరం జరపండి, తెరమీద జంతువు మీద వేలితో తట్టి ఫోకస్ చెయ్యండి. అంతర్జాలం నుంచి స్కేలు అచ్చు తీసుకుని వాడే వాళ్లు మాత్రం ముందు దాన్ని అసలు స్కేలుతో పోల్చి చూసుకోండి. ప్రింటరు పేజీకి సరిపోయేలా కుదించి అచ్చు వేస్తే, దాని మీది సెంటీమీటరు సెంటీమీటరు ఉండదు. అలాంటి కాగితం పక్కన పెట్టి తీసిన ఫోటోలు నాకు వచ్చాయి. వాటిలో పొరపాటును కనిపెట్టడానికి నీడా మసకా ఏవీ సాయం చెయ్యవు, పంపినవారే చెప్పాలి.